అదే పేరు, అదే ఫొటో: రెండో ఫ్రెండ్ రిక్వెస్ట్‌లో అసలు ఎవరిది, నకలు ఎవరిది?

సంక్షిప్తంగా: పేరు, ఫొటో, ఉద్యోగం, సొంతూరు ఎవరైనా కాసేపట్లో కాపీ చేసుకోగలిగినవి. అవి కలిసినంత మాత్రాన రిక్వెస్ట్ పంపింది అసలు మనిషేనని చెప్పలేం. పాత ఫొటోల కింద ఇతరులు రాసిన కామెంట్లు, మెసెంజర్‌లోని పాత సంభాషణ, ప్రొఫైల్ లింక్ మాత్రం కాపీకి లొంగవు. వాటితోనూ తేలకపోతే, ఫోన్‌లో ముందు నుంచీ ఉన్న నంబరుకు కాల్ చేయడమే మార్గం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కూకట్‌పల్లిలో ఉండే ఒక బ్యాంకు ఉద్యోగికి రాత్రి తొమ్మిదిన్నరకు ఫేస్‌బుక్‌లో ఫ్రెండ్ రిక్వెస్ట్ వచ్చింది. హైస్కూల్లో తనకు లెక్కలు చెప్పిన మాస్టారి పేరుతో వచ్చింది. ఆయన రిటైరై ఇప్పుడు వనస్థలిపురంలో ఉంటున్నారు. ప్రొఫైల్‌లో ఉన్నది ఆయన ఫొటోయే. మనవరాలి అన్నప్రాసన నాడు తీసిన కవర్ ఫొటో కూడా ఆయనదే. పనిచేసిన పాఠశాల పేరు, సొంతూరు సరిగ్గానే ఉన్నాయి. కింద ఇరవై ముగ్గురు మ్యూచువల్ ఫ్రెండ్స్ కనిపిస్తున్నారు. వాళ్లలో సగం మంది తన బ్యాచ్ వాళ్లే.

ఇన్ని కలిసినప్పుడు వేలు దానంతటదే 'కన్‌ఫర్మ్' మీదకు వెళ్తుంది. కానీ ఈ వివరాల్లో ఏ ఒక్కటీ ఆ రిక్వెస్ట్ మాస్టారు పంపారని చెప్పడం లేదు. ఎందుకో తెలియాలంటే ఇలాంటి ప్రొఫైల్‌ను ఎలా తయారు చేస్తారో ముందు చూడాలి.

## హ్యాకింగ్ కాదు, నకలు

ఇలాంటివి జరిగినప్పుడు బాధితులు సాధారణంగా 'నా అకౌంట్ హ్యాక్ అయింది' అని పోస్టు పెడతారు. చాలా సందర్భాల్లో అది నిజం కాదు. హ్యాకింగ్ అంటే అసలు ఖాతా పాస్‌వర్డ్ వేరేవాళ్ల చేతికి పోవడం. ఇక్కడ అసలు ఖాతాను ఎవరూ ముట్టుకోలేదు. పక్కనే అలాంటిదే ఇంకొకటి తెరిచారు. ఇంటి తాళం పగలగొట్టలేదు, అదే నేమ్‌ప్లేట్ చేయించి వేరే ఇంటికి తగిలించారన్నమాట. ఈ తేడా గుర్తించకపోతే మందు కూడా తప్పుతుంది. నకలు ప్రొఫైల్ పుట్టినప్పుడు పాస్‌వర్డ్ మార్చుకుంటే ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే పాస్‌వర్డ్ పోనే లేదు.

తయారీకి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు. ఫేస్‌బుక్‌లో ఒకే పేరుతో ఎన్ని ఖాతాలైనా ఉండొచ్చు. మోసగాడు మాస్టారి ప్రొఫైల్ తెరిచి, బయటికి కనిపించే ఫొటోలు దించుకుని, కొత్త ఖాతాకు అదే పేరు పెట్టి, 'అబౌట్'లో ఉన్న నాలుగు ముక్కలు ఎక్కించుకుంటాడు. అతనికి వీటన్నిటికంటే విలువైనది ఫ్రెండ్స్ జాబితా. ఎవరికి రిక్వెస్టులు పంపాలో చెప్పేది అదే. ఆ జాబితా అందరికీ కనిపించేలా ఉంటే పని చిటికెలో అయిపోతుంది. దాచి ఉంటే ప్రొఫైల్ ఫొటో కింద లైకులు కొట్టినవాళ్లు, 'శుభాకాంక్షలు మాస్టారూ' అని రాసినవాళ్ల పేర్లే జాబితాగా పనికొస్తాయి.

ఆ తర్వాత వేసే ఎత్తు చాలామందికి తెలియదు. మోసగాడు నకలు ఖాతా నుంచి అసలు మాస్టారిని బ్లాక్ చేస్తాడు. దాంతో మాస్టారు తన పేరుతో ఎంత వెతికినా ఆ ప్రొఫైల్ ఆయనకు కనిపించదు. 'మీ పేరుతో ఇంకో అకౌంట్ ఉంది సార్' అని ఎవరైనా చెప్తే, 'నేను చూశానయ్యా, అలాంటిదేం లేదు' అంటారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఆయన ఖాతాకు నిజంగానే అది కనపడదు. అందుకే నకలును పట్టుకునే అవకాశం అసలు మనిషి కంటే రిక్వెస్ట్ అందుకున్నవాళ్లకే ఎక్కువ.

## ఇరవై ముగ్గురు మ్యూచువల్ ఫ్రెండ్స్ ఎక్కడి నుంచి వచ్చారు?

రిక్వెస్ట్ చూడగానే ఎక్కువమంది నమ్మేది ఈ సంఖ్యనే. సంఖ్య పెద్దదైతే మనిషి నిజమని అనుకుంటాం. లెక్క సరిగ్గా ఇక్కడే తలకిందులవుతుంది.

నకలు ఖాతా మొదటి గంటలో మాస్టారి ఫ్రెండ్స్‌లో వంద మందికి రిక్వెస్టులు పంపిందనుకుందాం. వాళ్లలో ఐదుగురు చూడకుండా ఒప్పుకున్నారు. ఆ ఐదుగురూ మాస్టారి శిష్యులే కాబట్టి, ఆరో శిష్యుడికి రిక్వెస్ట్ వెళ్లేసరికి ఐదుగురు మ్యూచువల్ ఫ్రెండ్స్ కనిపిస్తారు. ఆ ఐదుగురిని చూసి ఇంకో పదిమంది ఒప్పుకుంటారు. పదిహేను మందిని చూసి మరికొందరు. కూకట్‌పల్లి ఉద్యోగి దగ్గరికి వచ్చేసరికి అది ఇరవై మూడైంది. ఆ ఇరవై ముగ్గురూ ఈ ప్రొఫైల్ నిజమైనదని నిర్ధారించుకున్న సాక్షులు కారు, తనకంటే కొన్ని నిమిషాల ముందు అదే పొరపాటు చేసినవాళ్లు. ఇప్పుడు తను కూడా ఒప్పుకుంటే తర్వాతివాళ్లకు ఇరవై నాలుగోవాడిగా కనిపిస్తాడు. తర్వాత అన్‌ఫ్రెండ్ చేసినా, ఈలోగా ఆ సంఖ్య చూసి ఒప్పుకున్నవాళ్లు ఒప్పుకున్నట్టే.

అయితే ఆ పేర్లను ఒకసారి తెరిచి చూడటం వృథా కాదు. నిజమైన మాస్టారి స్నేహితుల్లో శిష్యులు, తోటి ఉపాధ్యాయులు, చుట్టాలు, ఊరివాళ్లు, కాలనీవాళ్లు కలగలిసి ఉంటారు. నకలు ఖాతాకు తరచూ ఒకే గుంపు నుంచి మ్యూచువల్స్ వస్తారు, ఉదాహరణకు ఒకే ఫొటో కింద కామెంట్లు పెట్టినవాళ్లంతా. ఇది సూచన మాత్రమే. దీని మీదే తీర్పు చెప్పలేం.

పేర్ల విషయంలో తెలుగువాళ్లకు అదనపు చిక్కు ఉంది. ఇంటిపేరు కొందరు ముందు రాస్తారు, కొందరు వెనక రాస్తారు, కొందరు ఒక్క అక్షరంతో సరిపెడతారు. ఇంగ్లిష్ అక్షరాల్లో శ్రీనివాస్ అనే పేరునే Srinivas అనీ Sreenivas అనీ రాసేవాళ్లున్నారు. అందువల్ల స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తేడా కనిపించినా మన కంటికి అది తప్పుగా తోచదు. 'మాస్టారు ఈసారి ఇలా రాసుకున్నారేమో' అని సరిపెట్టుకుంటాం.

## లాక్ చేసిన ప్రొఫైల్: రెండువైపులా పదును

ఫొటోల దొంగతనాన్ని అరికట్టడానికి ఫేస్‌బుక్ 2017లో ప్రొఫైల్ పిక్చర్ గార్డ్‌ను భారత్‌లో తెచ్చింది. 2020 మే నెలలో ప్రొఫైల్ లాక్ వచ్చింది. లాక్ వేస్తే స్నేహితులు కానివాళ్లకు పోస్టులు, ఆల్బమ్‌లు కనిపించవు. ప్రొఫైల్ ఫొటోను పెద్దదిగా తెరవడం, దించుకోవడం కుదరదు.

అసలు ఖాతాకు ఇది మంచి రక్షణే. కానీ అదే లాక్‌ను నకలు తయారుచేసినవాడు కూడా వేసుకోవచ్చు. అతని ప్రొఫైల్‌లో దాచుకోవడానికి పోస్టులేమీ ఉండవు, అతను దాచేది ఆ ఖాళీనే. లాక్ తీసి ఉంటే నిన్నగాక మొన్న ఎక్కించిన మూడు ఫొటోలు తప్ప ఏమీ లేదన్న సంగతి ఒక్క చూపులో తెలిసిపోతుంది. లాక్ వేస్తే, జాగ్రత్తపరుడైన పెద్దమనిషి ఖాతాలా కనబడుతుంది. కాబట్టి లాక్ ఉందన్న సంగతిని అనుకూలంగానూ, వ్యతిరేకంగానూ తీసుకోకూడదు. కింద చెప్పే పరీక్షల్లో కొన్ని అప్పుడు పనిచేయవు, మిగిలినవాటిని ఆశ్రయించాలి.

## కాపీకి లొంగనివి

ప్రొఫైల్‌లో కనిపించేవాటిని మూడు రకాలుగా విడదీస్తే గందరగోళం తగ్గుతుంది. ఖాతాదారు స్వయంగా పెట్టుకున్నవి ఒక రకం: పేరు, ఫొటో, ఉద్యోగం, ఊరు. ఇతరులు పెట్టినవి రెండో రకం: కామెంట్లు, ట్యాగ్‌లు, సంభాషణలు. ఫేస్‌బుక్ వ్యవస్థ తనంతట తాను ఇచ్చినవి మూడో రకం: ఖాతా సంఖ్య, ఎవరు ఎవరికి ఇప్పటికే ఫ్రెండ్ అన్న లెక్క. మొదటి రకాన్ని ఎవరైనా కాపీ చేయగలరు. మిగతా రెండు రకాలను కాపీ చేయాలంటే వందలమంది వేర్వేరు మనుషుల చేత, వెనకటి తేదీలతో మళ్లీ అవే పనులు చేయించాలి. అది జరిగే పని కాదు. మాస్టారి పేరుతో వచ్చిన రిక్వెస్ట్‌ను ఈ దృష్టితో ఒక్కో మెట్టు చూద్దాం.

మొదటి మెట్టు సొంత ఫ్రెండ్స్ జాబితా. ఆ ఉద్యోగి తన ప్రొఫైల్‌లో ఫ్రెండ్స్ తెరిచి, వెతికే పెట్టెలో మాస్టారి పేరు కొట్టాలి. ఆయన అప్పటికే జాబితాలో ఉంటే కథ దాదాపు తేలిపోయినట్టే. ఫ్రెండ్‌గా ఉన్నవాళ్లు అదే ఖాతా నుంచి మళ్లీ రిక్వెస్ట్ పంపలేరు. కాబట్టి ఇప్పుడు వచ్చింది వేరే ఖాతా నుంచి. అది నకలైనా కావాలి, మాస్టారు తెరిచిన రెండో ఖాతా అయినా కావాలి. జాబితాలో లేకపోతే ఏమీ తేలదు. ఎప్పుడూ ఫ్రెండ్ కాలేదేమో, మధ్యలో ఆయన అన్‌ఫ్రెండ్ చేశారేమో. పదేళ్ల కింద కలుపుకున్నవాళ్లు గుర్తుండరు కాబట్టి జ్ఞాపకం మీద ఆధారపడకుండా వెతకడమే మేలు.

రెండో మెట్టు మెసెంజర్. రిక్వెస్ట్ పంపిన ప్రొఫైల్ మీది 'మెసేజ్' బటన్ నొక్కితే ఆ ఖాతాతో జరిగిన సంభాషణ తెరుచుకుంటుంది. తెరవడానికి ఏమీ పంపక్కర్లేదు. ఉగాదికి చెప్పిన శుభాకాంక్షలు, గురుపూజోత్సవం నాడు పెట్టిన నమస్కారం, రిటైర్మెంట్ సభ ఆహ్వానపత్రిక ఏవైనా అందులో ఉంటే అది పాత ఖాతాయే. మాస్టారితో గతంలో మాట్లాడినట్టు ఖాయంగా గుర్తుండి, ఇక్కడ మాత్రం తెల్లకాగితంలా ఉంటే అనుమానించాలి. ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. 2023 డిసెంబర్ నుంచి మెసెంజర్ సంభాషణలకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే వర్తించేలా మార్చడం మొదలైంది. ఫోన్ మార్చినప్పుడు పిన్‌తో పాత చాట్‌లను తిరిగి తెచ్చుకోకపోతే చరిత్ర ఖాళీగా కనిపించవచ్చు. కొత్త ఫోన్ వాడుతున్నవాళ్లు మెసెంజర్‌లో మాస్టారి పేరు వెతికి, పాత సంభాషణ ఇంకెక్కడైనా విడిగా ఉందేమో కూడా చూడాలి. ఒకే పేరుతో రెండు సంభాషణలు, ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా కనిపిస్తే ఇంతకంటే స్పష్టమైన గుర్తు దొరకదు.

మూడో మెట్టు పాత ఫొటోల కింది కామెంట్లు. ప్రొఫైల్ లాక్ కాకపోతే ఇది బాగా పనిచేస్తుంది. నకలు ఖాతాలో ఫొటోలన్నీ ఒకే రోజున, ఒక్కోసారి ఒకే గంటలో ఎక్కి ఉంటాయి. తెలివైనవాడైతే పోస్టు తేదీని వెనక్కి మారుస్తాడు, ఫేస్‌బుక్ అందుకు వీలు కల్పిస్తుంది. అందుకే పోస్టు మీది తేదీ చూసి ఆగిపోకూడదు. కామెంట్ తేదీలను అతను మార్చలేడు. 2016 నాటిదని చెప్పుకుంటున్న ఫొటో కింద 'తాతయ్యా సూపర్', 'మాస్టారూ బాగున్నారా' అంటూ ఏళ్ల క్రితం నాటి కామెంట్లు ఉంటే అది అసలైనది. ఫొటో పాతదై, కింద కామెంట్లేమీ లేకపోయినా, ఉన్న రెండూ ఈ వారంవే అయినా అది నకలు కావడానికే అవకాశం ఎక్కువ.

నాలుగో మెట్టు లింక్. బయటికి కనిపించే పేరు ఎంతమందికైనా ఒకటే ఉండొచ్చు కానీ లింక్‌లో ఉండే యూజర్‌నేమ్ ఒక్కరికే దక్కుతుంది. ఫేస్‌బుక్ యూజర్‌నేమ్‌లో చుక్కలను లెక్కలోకి తీసుకోదు. ఒకరు `ramana.master` తీసుకుంటే ఇంకొకరు చుక్క తీసేసి `ramanamaster` తీసుకోలేరు. నకలు చేసేవాడికి వెనక ఒక అంకె తగిలించడమో, అక్షరం మార్చడమో తప్పదు. `m` బదులు `rn` రాసినా చిన్న తెరమీద తేడా పోల్చుకోవడం కష్టం. యూజర్‌నేమ్ ఎంచుకోని ఖాతాల లింక్ ఇలా ఉంటుంది:

```
facebook.com/profile.php?id=1000...
facebook.com/profile.php?id=615...
```

చివర్లో ఉన్నది ఖాతా సంఖ్య. చాలా ఏళ్లపాటు కొత్త ఖాతాలకు 1000తో మొదలయ్యే పదిహేను అంకెల సంఖ్యలు వచ్చాయి. ఇటీవలి ఖాతాల్లో 615 లాంటి అంకెలతో మొదలయ్యేవి కనిపిస్తున్నాయి. మాస్టారు 2011 నుంచి ఫేస్‌బుక్‌లో ఉన్న సంగతి తెలిసి, రిక్వెస్ట్ పంపిన ఖాతా సంఖ్య 615తో మొదలైతే, ఆ ఖాతా వయసు ఆయన చరిత్రతో పొసగడం లేదని అర్థం. సంఖ్య మాత్రమే కనిపించి యూజర్‌నేమ్ లేకపోవడాన్ని తప్పుగా చూడకూడదు. నిజమైన ఖాతాలున్నవాళ్లలోనూ యూజర్‌నేమ్ పెట్టుకోనివాళ్లు ఎందరో.

లింక్ చూడాలంటే ఫోన్ యాప్‌లో ఆ ప్రొఫైల్ మీది మూడు చుక్కలు నొక్కి, 'కాపీ లింక్' ఎంచుకోవాలి. ఇప్పుడు యాప్ తరచూ `facebook.com/share/` తో మొదలయ్యే పొట్టి లింక్ ఇస్తోంది. దాన్ని చూస్తే ఏమీ తెలియదు. బ్రౌజర్‌లో అతికించి తెరిస్తే పైన చిరునామా పట్టీలో అసలు లింక్ కనిపిస్తుంది. తర్వాత ఫ్రెండ్స్ జాబితాలో ఉన్న మాస్టారి పాత ప్రొఫైల్ లింక్‌ను కూడా అలాగే తెరిచి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండు లింక్‌లు వేరైతే ఖాతాలు వేరు. ఇందులో అనుమానానికి తావు లేదు.

ఇన్‌స్టాగ్రామ్‌లో పని ఇంకా తేలిక. అక్కడ చుక్కకూ, అండర్‌స్కోర్‌కూ విలువ ఉంది కాబట్టి నకలు ఖాతాలు అసలు పేరుకు ఒక అండర్‌స్కోర్ చేర్చుకుని బతికేస్తాయి. కానీ ప్రొఫైల్ మీది మూడు చుక్కల్లో 'అబౌట్ దిస్ అకౌంట్' తెరిస్తే ఆ ఖాతా ఏ నెలలో, ఏ ఏడాదిలో మొదలైందో తెలుస్తుంది.

## ఈ పరీక్షలు తప్పే రెండు సందర్భాలు

మొదటిది, నిజంగానే రెండో ఖాతా తెరిచినవాళ్లు. పెద్దవాళ్లలో ఇది చాలా మామూలు. ఫోన్ పోతుంది, సిమ్ మారుతుంది, పాస్‌వర్డ్ గుర్తుండదు. మనవడు వచ్చి ఐదు నిమిషాల్లో కొత్త ఖాతా తెరిచిపెడతాడు. ఆ ఖాతాకు కొత్త సంఖ్య, ఒకే రోజున ఎక్కిన ఫొటోలు, ఖాళీ మెసెంజర్ ఉంటాయి. పైన చెప్పిన గుర్తులన్నీ నకలునే చూపిస్తాయి, కానీ మనిషి అసలే. పరీక్షలు ఇక్కడ ఓడిపోలేదు. ఇది వేరే ఖాతా అని సరిగ్గానే చెప్పాయి. ఆ వేరే ఖాతా ఎవరి చేతిలో ఉందన్నది మాత్రం అవి చెప్పలేవు.

రెండోది దీనికి పూర్తిగా వ్యతిరేకం. మోసగాడు కొత్త ఖాతా తెరవకుండా, వేరొకరి నుంచి కొట్టేసిన పాత ఖాతాకు మాస్టారి పేరు, ఫొటో తగిలిస్తాడు. అప్పుడు ఖాతా సంఖ్య పాతదే కనిపిస్తుంది. అయితే పేరు మార్చినంత మాత్రాన యూజర్‌నేమ్ మారదు. తెర మీద మాస్టారి పేరు, లింక్‌లో సంబంధం లేని ఇంకెవరి పేరో కనిపిస్తే ఇలాంటిదేనని అనుమానించాలి. పాత కామెంట్లు కూడా ఎవరో తెలియని మనుషులవి, వేరే భాషలో, వేరే పేరుతో పలకరిస్తున్నవి ఉంటాయి.

ఈ రెండు సందర్భాల్లోనూ చివరికి ఫోనే దిక్కు. మాస్టారి నంబరు ముందు నుంచీ ఉంటే దానికే చేయాలి. మెసెంజర్‌లో ఆయన 'నా కొత్త నంబరు' అని పంపిన దానికి కాదు. నంబరు లేకపోతే ఆయన కొడుకునో, బ్యాచ్‌లో ఎప్పుడూ ఆయనతో మాట్లాడేవాళ్లనో అడగాలి. 'మీరేనా సార్?' అని మెసెంజర్‌లోనే అడగడం వల్ల ఉపయోగం లేదు. అవతల ఎవరున్నా 'నేనే' అనే అంటారు.

## మాట కలిపాక బయటపడేది

అప్పటికే రిక్వెస్ట్ ఒప్పుకున్నవాళ్లకు సంభాషణే మిగిలిన ఆధారం. తెలుగులో ఒక సౌకర్యం ఉంది. మనం మనుషుల్ని పేరుతో కంటే వరసతో పిలుస్తాం. ఒకే మనిషి ఒకరికి బాబాయి, ఒకరికి బావ, ఇంకొకరికి మాస్టారు. నకలు ఖాతా నడిపేవాడికి ఎవరు ఏమవుతారో తెలియదు. అందుకే ఏ వరసా లేని 'హాయ్, హౌ ఆర్ యూ' తోనో, 'ఎలా ఉన్నారు' తోనో మొదలుపెడతాడు. పేరు పెట్టి 'ఒరేయ్' అని పిలిచే మాస్టారు హఠాత్తుగా శిష్యుణ్ని 'సర్' అంటే అక్కడే ఆగాలి. అయితే ఫొటో కింది కామెంట్లు చదివి 'అన్నా', 'తమ్ముడూ' అని సరిగ్గా పిలిచేవాళ్లూ ఉన్నారు కాబట్టి, వరస తప్పితే నకలని అనుకోవచ్చు గానీ, సరిపోతే అసలని అనుకోకూడదు.

ప్రశ్న వేసి పరీక్షించాలంటే ప్రొఫైల్‌లో దొరకని సంగతే అడగాలి. ఊరు, బడి పేరు, పుట్టినరోజు పనికిరావు. జరగని విషయాన్ని జరిగినట్టు అడగడం బాగా పనిచేస్తుంది. 'మొన్న సుధాకర్ గృహప్రవేశంలో మీకిచ్చిన పుస్తకం చదివారా మాస్టారూ?' అని అడిగితే, అలాంటి గృహప్రవేశమే జరగలేదని తెలిసిన మాస్టారు 'ఏ పుస్తకంరా?' అంటారు. మోసగాడు 'చదివాను, బాగుంది' అంటాడు.

తర్వాత వచ్చే అడుగును బట్టి మోసం రకం తెలుస్తుంది. అత్యవసరం, ఆసుపత్రి, రేపు పొద్దున్నే తిరిగిచ్చేస్తా అంటూ నేరుగా డబ్బు అడగడం పాత పద్ధతి. ఇప్పుడు మరో దారి కూడా బాగా వాడుకలో ఉంది. 'నా స్నేహితుడు సీఆర్‌పీఎఫ్‌లో అధికారి, బదిలీ అయింది, ఇంట్లో ఫర్నిచర్, ఫ్రిజ్, ఏసీ తక్కువ ధరకు ఇచ్చేస్తున్నాడు, నీ నంబరు ఇస్తాను' అంటారు. ఇక్కడ మాస్టారి ప్రొఫైల్ డబ్బు అడగదు, నమ్మకాన్ని మాత్రమే అప్పిస్తుంది. అడిగేది వాట్సాప్‌లో వచ్చే ఆ 'అధికారి'. సామాను ఫొటోలు పంపుతాడు, లారీలో ఎక్కించామంటాడు, ముందు డబ్బు వేయమంటాడు. మూడో రకంలో, ఫోన్‌కు వచ్చిన ఆరంకెల కోడ్ చెప్పమంటారు. అది చెప్తే ఈసారి నకలు కాదు, నిజంగానే ఖాతా పోతుంది.

డబ్బు వేసే ముందు కూడా ఒక ఆఖరి ఆనకట్ట ఉంది. యూపీఐలో నంబరు కొట్టాక, డబ్బు అందుకునేవారి పేరు బ్యాంకు రికార్డుల్లో ఉన్నట్టుగానే చూపాలని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2025లో యాప్‌లకు నిబంధన పెట్టింది. మాస్టారికి పంపుతున్నామనుకుంటే తెర మీద ఎవరిదో పేరు వస్తుంది. దానికి 'అది డాక్టరు గారి నంబరు', 'మా అల్లుడిది' అన్న సమాధానం సిద్ధంగానే ఉంటుంది. పేరు మారిందంటే వివరణ అడగడం కాదు, అక్కడితో ఆపి ఫోన్ చేయాలి.

## రిపోర్ట్ ఎందుకు పనిచేయకుండా పోతుంది

నకలని తేలాక చాలామంది వెంటనే రిపోర్ట్ నొక్కి, బ్లాక్ చేసి ఊరుకుంటారు. అందులో మూడు పొరపాట్లు దొర్లుతాయి. ఒకటి, రిపోర్ట్ చేసేముందు ఆధారం తీసుకోకపోవడం. ఖాతా తొలగిపోయాక లింక్ తెరుచుకోదు, పోలీసులకు చూపడానికి ఏమీ మిగలదు. కాబట్టి ప్రొఫైల్, పూర్తి లింక్, సంభాషణల స్క్రీన్‌షాట్లు ముందే దాచుకోవాలి. రెండు, తప్పు కారణం ఎంచుకోవడం. 'స్పామ్' అని పెడితే ఫేస్‌బుక్ చూసేది వేరే సంగతి. మరొకరిలా నటిస్తున్నారన్న కారణాన్ని, అందులో 'ఒక ఫ్రెండ్'ను ఎంచుకుని, మాస్టారి అసలు ఖాతాను చూపించాలి. అప్పుడే రెండింటినీ పోల్చి చూడటానికి వీలుంటుంది. మూడోది అన్నిటికంటే చేటు. పేరు, ఫొటో ఒకటే కావడంతో కంగారులో కొందరు అసలు మాస్టారి ప్రొఫైల్‌నే రిపోర్ట్ చేస్తుంటారు. బ్యాచ్ గ్రూపులో 'ఈ పేరు అకౌంట్ రిపోర్ట్ చేయండి' అని రాస్తే జరిగేది ఇదే. పేరు కాదు, లింక్ పంపాలి.

మాస్టారికి నకలు కనిపించదు కాబట్టి లింక్‌నూ, స్క్రీన్‌షాట్‌నూ ఆయనకు వాట్సాప్‌లో పంపడం అవసరం. పోలీసు ఫిర్యాదుకు ఆయనకు కావాల్సింది అవే. ఐటీ చట్టంలోని 66సి సెక్షన్ గుర్తింపు దొంగతనానికి, 66డి సెక్షన్ కంప్యూటర్ ద్వారా మరొకరిలా నటించి మోసగించడానికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధిస్తాయి. డబ్బు పోకపోయినా గుర్తింపు దొంగతనం నేరమే. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు స్థానిక పోలీస్ స్టేషన్‌లో గానీ, `cybercrime.gov.in` లో గానీ ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు పోయి ఉంటే ముందు 1930కు ఫోన్ చేయాలి. యూపీఐ చెల్లింపు వివరాల్లో ఉండే పన్నెండు అంకెల యూటీఆర్ సంఖ్య చేతిలో ఉండాలి. ఆ సంఖ్య పట్టుకునే డబ్బు ఏ ఖాతాకు చేరిందో గుర్తించి, అక్కడి నుంచి ముందుకు కదలకుండా ఆపే ప్రయత్నం చేస్తారు. గంటలు గడిచేకొద్దీ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారిపోతుంది కాబట్టి ఆలస్యం చేస్తే దొరకడం కష్టం.

ఒక నకలు పోయినా అవే ఫొటోలు, అదే జాబితాతో ఇంకొకటి పుట్టవచ్చు. దాన్ని కష్టతరం చేసే పని మాస్టారి చేతిలోనే ఉంది. సెట్టింగ్స్‌లో 'హౌ పీపుల్ ఫైండ్ అండ్ కాంటాక్ట్ యూ' అన్న చోట, ఫ్రెండ్స్ జాబితా ఎవరికి కనిపించాలన్న ప్రశ్నకు 'ఓన్లీ మీ' అని పెట్టుకోవాలి. తర్వాత అందరికీ కనిపించే ప్రొఫైల్ ఫొటోను తెరిచి, దాన్ని ఎవరు చూడాలన్నది 'ఫ్రెండ్స్'కు మార్చాలి. అప్పుడు బయటివాళ్లకు చిన్న బొమ్మ కనిపిస్తుంది గానీ దాని కింది లైకులు, కామెంట్లు కనిపించవు. కవర్ ఫొటోకు ఈ వెసులుబాటు లేదు, అది ఎప్పుడూ అందరికీ కనిపించేదే. అన్నప్రాసన ఫొటో కింద తొంభై మంది చుట్టాలూ శిష్యులూ రాసిన దీవెనలు మోసగాడికి తొంభై పేర్ల జాబితా అవుతాయి. కవర్‌గా పువ్వో, గుడి గోపురమో పెట్టుకుని, మనవరాలి ఫొటోను ఫ్రెండ్స్‌కు మాత్రమే కనిపించే మామూలు పోస్టుగా మార్చుకుంటే ఆ జాబితా బయటివాళ్ల చేతికి అందదు.